కోలాటం చీరలూ, ఫోటోలో బట్టలు మార్చే యాప్‌లూ: అంచెలంచెలుగా ఒక పాఠం

కోనసీమలోని ఒక జూనియర్ కాలేజీలో జరిగిన విద్యార్థుల కార్యశాలలో కంప్యూటర్ అధ్యాపకురాలి ప్రసంగం

వెనక బెంచీల వాళ్లు కాస్త ముందుకు రండి. తెర మీది రంగులు అక్కడికి సరిగా ఆనవు, ఈ రోజు మన పనంతా రంగులతోనే.

మన వార్షికోత్సవంలో ద్వితీయ సంవత్సరం అమ్మాయిలు ఎనిమిది మంది కోలాటం ఆడుతున్నారని మీకు తెలుసు. చీరలు బండారులంకలో నేయించుకుందామని అనుకున్నారు. నమూనాకు ఒక ఎర్ర చీర దొరికింది. అదే చీర నీలంలో ఎలా ఉంటుంది, ఆకుపచ్చలో ఎలా ఉంటుంది, అసలు చీర వద్దనుకుని లంగా ఓణీ వేసుకుంటే ఎలా ఉంటుంది? చూడాలంటే ఫోన్లో యాప్ ఉంది కదా మేడమ్ అన్నారు. ఉంది. ఆ యాప్‌తో ఈ పనిని మొదటి నుంచి చివరి దాకా ఎలా చేయాలో, ఎక్కడ ఆగాలో ఇదే ఉదాహరణతో చెబుతాను.

ముందుగా, ఆ యాప్ చేసేది ఏమిటి

బట్టలు మార్చే పరికరాలు రెండు రకాలు. మొదటిది ఉన్న బట్టకు రంగు మాత్రమే మారుస్తుంది. మడతలు, కుచ్చిళ్లు, నీడలు అన్నీ ఫోటోలో ఉన్నవే, వాటిపై రంగు ఒక్కటే జరుగుతుంది. రెండోది కృత్రిమ మేధతో పనిచేసేది. మీరు ఫోటోలో ఒక భాగాన్ని గుర్తిస్తారు, దాన్నే మాస్క్ అంటారు. ఆ భాగంలో ఉన్నదాన్ని అది చెరిపేస్తుంది. చుట్టూ మిగిలిన బొమ్మను చూసి, మీరు రాసిన వర్ణన చదివి, ఆ ఖాళీని తన ఊహతో నింపుతుంది.

ఈ మాటను జాగ్రత్తగా పట్టుకోండి. చీర కింద ఏముందో ఆ యాప్‌కు కనిపించదు. కెమెరాలో పడనిది ఫోటోలో లేదు, ఫోటోలో లేనిది ఏ యాప్ బయటికి తీయలేదు. పూర్తి చేతుల జాకెట్టును చేతులు లేనిదిగా మారిస్తే కనిపించే భుజం ఆ అమ్మాయిది కాదు. ఇంకెవరెవరివో లక్షల ఫోటోలు చూసి నేర్చుకున్న లెక్క ప్రకారం గీసిన భుజం అది. కానీ పైన ముఖం ఆమెదే. చూసినవాళ్లు భుజం కూడా ఆమెదే అనుకుంటారు. ఈ పరికరాల వల్ల జరిగే హాని అంతా ఆ రెండు వాక్యాల మధ్య సందులోనే ఉంది. "నిజం కాదు కదా మేడమ్, ఉత్తుత్తి బొమ్మే కదా" అని కిందటేడు ఒక అబ్బాయి నన్ను అడిగాడు. ఉత్తుత్తిదని ఆ బొమ్మ మీద రాసి ఉండదు నాయనా.

అందుకని నేను పెట్టే నియమం ఒక్కటే. మాస్క్ ఎప్పుడూ బట్ట అంచు దాటి చర్మం మీదికి వెళ్లకూడదు, ఫలితంలో అసలు ఫోటోలో కంటే తక్కువ బట్ట ఉండకూడదు. మిగిలిన అంచెలన్నీ దీని చుట్టూ తిరిగేవే.

మొదటి అంచె: మనిషి ఫోటో అసలు కావాలా

చాలాసార్లు అక్కర్లేదు. రంగు ఎంచుకోవడానికే అయితే చీరను తెల్ల దుప్పటి మీద పరిచి తీసినా చాలు. కట్టుకుంటే ఎలా ఉంటుందో చూడాలంటే బట్టల కొట్లో ఉండే బొమ్మకు కట్టి తీయవచ్చు. అమలాపురంలో తెలిసిన కొట్టువాళ్లు ఎవరైనా పది నిమిషాలు కాదనరు. మనిషి లేని ఫోటోకు అనుమతి గొడవ లేదు, పొరపాటున బయటికి పోయినా ఎవరికీ నష్టం లేదు.

కోలాటానికి మాత్రం చేతులు ఎత్తినప్పుడు పైట ఎలా నిలుస్తుందో చూడాలన్నారు. సరే, మనిషి కావాలి. ముఖం కావాలా? వద్దు. గడ్డం కింద నుంచి పాదాల వరకు చాలు. జట్టులో ఒక అమ్మాయి ముందుకు వచ్చింది, ఫోటోలో ముఖం పడకుండా తీశాం.

రెండో అంచె: అనుమతి

"తీసుకో" అని నోటితో అంటే సరిపోదు. ఫోటో తీయడానికి ఇచ్చిన అనుమతి వేరు, దాన్ని మార్చడానికి ఇచ్చే అనుమతి వేరు, మార్చినదాన్ని ఇతరులకు చూపించడానికి ఇచ్చే అనుమతి మళ్లీ వేరు. మీలో ఎక్కువ మందికి పద్దెనిమిదేళ్లు నిండలేదు కనుక అమ్మానాన్నల్లో ఒకరి సంతకం కూడా కావాలి. మేము రాయించుకున్న కాగితం ఇది:

"ఈ ఒక్క ఫోటోలో చీర రంగును నీలానికి, ఆకుపచ్చకు మార్చవచ్చు, లంగా ఓణీగా ఒకసారి మార్చి చూడవచ్చు. కోలాటం జట్టు, మేడమ్, నేతవారు తప్ప ఇంకెవరూ చూడకూడదు. చీరలకు ఆర్డరు ఇచ్చిన రోజున అన్ని కాపీలూ తీసేయాలి."

ఏ ఫోటో, ఏ మార్పు, ఎవరు చూస్తారు, ఎప్పటిదాకా. ఈ నాలుగూ ఉంటే కాగితం బాగున్నట్టే. మధ్యలో ఆ అమ్మాయి వద్దంటే కారణం అడగకుండా ఆపేయాలి. వాట్సాప్ స్టేటస్‌లో ఎవరో పెట్టుకున్న ఫోటో అందరికీ కనిపిస్తోంది కాబట్టి మార్చుకోవచ్చు అనే వాదన మాత్రం నా దగ్గర తేకండి.

మూడో అంచె: ఫోటో తీయడం, శుభ్రం చేయడం

కొబ్బరి చెట్ల నీడలో తీయకండి. మనకు అలవాటైన చోటు అదే, నిజమే. కానీ ఆకుల సందుల్లోంచి పడే ఎండ చీర మీద మచ్చలు మచ్చలుగా ఉంటుంది, పైగా చుట్టూ ఉన్న పచ్చదనం బట్ట మీద సన్నగా పరుచుకుంటుంది. ఆ మచ్చలకు రంగు మారిస్తే ఒక్కోటి ఒక్కో రంగులో వస్తుంది. సున్నం వేసిన గోడ ముందు, ఎండ నేరుగా పడని చోట, ఉదయం పూట తీయండి. చేతులు నడుము నుంచి కాస్త దూరంగా పెట్టించండి, అప్పుడు బట్ట ఎక్కడ ఆగి చర్మం ఎక్కడ మొదలవుతుందో స్పష్టంగా తెలుస్తుంది.

ఫోటో ఫైలులో బొమ్మతో పాటు కంటికి కనిపించని సమాచారం కూడా ఉంటుంది. తీసిన తేదీ, ఫోను రకం, లొకేషన్ ఆన్ చేసి ఉంటే ఆ ఇల్లు ఎక్కడుందో కూడా. ఇంకో చిక్కు ఏమిటంటే, ముఖం కత్తిరించినా, కొన్ని ఎడిటర్లు ఫైలు లోపల ఉండే చిన్న నమూనా బొమ్మను మార్చవు. అందులో ముఖం అలాగే ఉండిపోతుంది. ల్యాబ్‌లోని కంప్యూటర్లలో ఎక్సిఫ్‌టూల్ అనే ప్రోగ్రామ్ ఉంది. కత్తిరించిన తర్వాత ఇలా ఇవ్వండి:

```
exiftool -all= kolatam.jpg
```

ఇది లోపలి సమాచారాన్నీ, ఆ చిన్న బొమ్మనూ తీసేస్తుంది. అయితే పాత ఫైలును `kolatam.jpg_original` అనే పేరుతో పక్కనే దాచి పెడుతుంది. దాన్ని కూడా చెరిపేయకపోతే చేసిన పనంతా వృథా. ఫోటో అడ్డంగా తిరిగిపోతే కంగారు పడకండి, ఏ వైపు నిలబెట్టాలో చెప్పే గుర్తు కూడా పోయింది కనుక అలా జరుగుతుంది. తిప్పి దాచుకోండి.

నాలుగో అంచె: రంగు మార్చడం

ఇక్కడ కాస్త ఎక్కువసేపు ఆగుదాం. మీకు కావలసిన పనిలో ముప్పాతిక వంతు ఇక్కడే అయిపోతుంది, ఫోటో ఏ సర్వరుకూ వెళ్లదు, మన కంప్యూటర్‌లోనే ఉంటుంది. ఫోటోలు దిద్దడానికి ఉచితంగా దొరికే జింప్ చాలు.

చీరను మాత్రమే ఎంచుకోవాలి. ఒకే రంగున్న చోట్లన్నీ ఒక్క నొక్కుతో ఎంచుకునే సౌకర్యం ఉంది, కానీ ఎర్ర చీరతో అది మోసం చేస్తుంది. ఎర్ర గాజులు, గోరింట పెట్టిన వేళ్లు కూడా దాని లెక్కలో చీరే. Free Select తీసుకుని చీర అంచు వెంట ఓపికగా చుక్కలు పెట్టుకుంటూ వెళ్లండి. జరీ అంచును ఎంపికలోంచి బయట పెట్టండి. తర్వాత Select మెనూలో Feather తెరిచి 3 అని ఇవ్వండి. రెండు వేల పిక్సెళ్ల వెడల్పున్న ఫోటోకు అది సరిపోతుంది, కత్తిరించి అతికించినట్టు కనిపించదు.

ఇప్పుడు Colors మెనూలో Hue-Saturation తెరవండి. రంగులన్నీ ఒక చక్రం చుట్టూ డిగ్రీల లెక్కన పేర్చి ఉంటాయి. ఎరుపు సున్నా దగ్గర, ఆకుపచ్చ 120 దగ్గర, నీలం 240 దగ్గర. Hue ను 120 జరిపితే ఎరుపు ఆకుపచ్చ అవుతుంది, మైనస్ 120 జరిపితే నీలం అవుతుంది. జరీని ఎందుకు బయట పెట్టమన్నానో ఇప్పుడు తెలుస్తుంది. బంగారు రంగు 45 డిగ్రీల ప్రాంతంలో ఉంటుంది. నీలం కోసం చీరతో పాటు దాన్నీ మైనస్ 120 జరిపితే ఊదా రంగు జరీ వస్తుంది. మనం నేయించే చీరకు అలాంటి జరీ ఉండదు. మన చర్మం రంగు కూడా నారింజకు దగ్గరలోనే ఉంటుంది కనుక, ఎంపికలోకి కాస్త మణికట్టు జారితే అది నీలంగా మారిపోతుంది. ఒక రకంగా ఇది మనకు మేలే. మాస్క్ బట్ట దాటిందని వెంటనే కంటికి చెప్పేస్తుంది.

తెల్ల చీరతోనో నల్ల చీరతోనో మొదలుపెడితే Hue ఎంత జరిపినా ఏమీ జరగదు, వాటిలో జరపడానికి రంగే లేదు. Colorize వాడాలి, నలుపుకైతే అదీ అంతంతమాత్రమే.

అన్నీ సరిగా చేసినా ఒక తేడా మిగిలిపోతుంది. ఎర్ర చీర తన రంగును పక్కనున్న చర్మం మీద పడేస్తుంది. మెడ కింద, మోచేతి లోపలి వైపు సన్నని ఎర్రటి ఛాయ ఉంటుంది. చీరను నీలం చేశాక కూడా ఆ ఎరుపు అక్కడే ఉంటుంది. దాన్ని సరిచేయడానికి చర్మం మీద చేయి పెట్టకండి, మన నియమం దాటుతారు. రంగు ఎంచుకోవడానికి ఈ మాత్రం చాలు. అదీకాక, ఎవరైనా మార్చిన ఫోటోను నిజమని చూపిస్తే పట్టుకోవడానికి మీరు వెతకవలసిన మొదటి గుర్తు కూడా ఇదే.

నేతవారికి ఈ ఫోటో చూపించేటప్పుడు మార్చినదని ముందే చెప్పండి. పడుగు ఒక రంగు, పేక ఒక రంగు వేసి నేసిన బట్ట కదిలినప్పుడల్లా రెండు ఛాయల్లో మెరుస్తుంది. ఫోటోలో రంగు జరిపి దాన్ని చూపించలేం. ఆర్డరు నూలు నమూనా చూసి ఇవ్వాలి, తెర చూసి కాదు.

ఐదో అంచె: చీర నుంచి లంగా ఓణీకి

ఇక కృత్రిమ మేధ వాడక తప్పదు. యాప్‌ను ఎంచుకునేటప్పుడు రెండు సంగతులు చూడండి. బట్టలు తీసేసి చూపిస్తానని ఎక్కడైనా సూచించే యాప్‌ను ఫోన్లోకే రానివ్వకండి, దానిలోని మిగిలిన సౌకర్యాలు ఎంత బాగున్నా సరే. రెండోది, గ్యాలరీ మొత్తానికి అనుమతి అడిగితే ఇవ్వకుండా ఎంచుకున్న ఒక్క ఫోటోకు మాత్రమే ఇవ్వండి. కొత్త ఫోన్లలో ఆ వీలుంది. ఫోటో బయటికి వెళ్తోందా లేదా తెలుసుకోవాలంటే ఏరోప్లేన్ మోడ్ పెట్టి ప్రయత్నించండి. పని ఆగిపోతే ఫోటో వాళ్ల సర్వరుకు వెళ్తున్నట్టు. ఆగకపోయినంత మాత్రాన నెట్ వచ్చాక పంపదని హామీ లేదు. అందుకే ముందే ముఖం కత్తిరించాం.

మాస్క్‌ను చాలా యాప్‌లు తామే గీస్తాయి. నమ్మకండి. పెద్దది చేసి చూడండి, జడ చివర, చేతి వేళ్లు, నడుము దగ్గర చర్మం దానిలో కలిసిపోయి ఉంటాయి. బ్రష్‌తో వాటిని వెనక్కి తీయండి.

మా ప్రయోగంలో జరిగింది చెబుతాను. "లంగా ఓణీ, ఆకుపచ్చ" అని మాత్రమే రాశాం. అసలు ఫోటోలో చీర నడుమును పూర్తిగా కప్పి ఉంది. ఫలితంలో ఓణీ పక్కకు జరిగి బెత్తెడు నడుము కనిపించింది, మోచేతి దాకా ఉన్న జాకెట్టు చేతులు భుజానికి ఎక్కాయి. మేము అడగలేదు. అది నేర్చుకున్న ఫోటోల్లో లంగా ఓణీ ఎక్కువగా ఎలా కనిపించిందో అలా గీసింది. ఆ నడుము ఆ అమ్మాయిది కాదు, అయినా ఆమె పక్కనే కూర్చుని తెర వైపు చూడలేకపోయింది. ఆ ఫలితాన్ని దాచుకోకుండా చెరిపేసి, యాప్ చరిత్రలోంచి కూడా తీసేశాం.

రెండోసారి వర్ణన ఇలా రాశాం: మోచేతి వరకు జాకెట్టు చేతులు, నడుము పూర్తిగా కప్పేలా దోపిన ఓణీ, చీలమండల వరకు లంగా. పైట భాగాన్ని మాస్క్‌లోకి తీసుకోకుండా అలాగే ఉంచి, నడుము కింది భాగాన్ని మాత్రమే ఇచ్చాం. ఈసారి సరిగా వచ్చింది. అప్పుడూ రాకపోయి ఉంటే మూడో ప్రయత్నం ఉండేది కాదు, బట్టల కొట్టు బొమ్మ దగ్గరికి వెళ్లేవాళ్లం. ఒక మనిషి ఒంటి మీద యాప్‌ను పదేపదే ఊహించమనడం నాకు సమ్మతం కాదు.

వచ్చినదాన్ని తనిఖీ చేయండి. లంగా అంచు ముందు నుంచి వెనక్కి తెగకుండా వెళ్లిందా, వేళ్లు ఐదే ఉన్నాయా, కోలాటం కర్ర చేతిలోంచి దూసుకుపోయిందా, బట్ట నీడ గోడ మీద పాత చీర ఆకారంలోనే ఉండిపోయిందా. ఒళ్లు సన్నబడిందా అన్నది కూడా చూడండి. మాస్క్ అంచులో నడుము ఉంటే యాప్ దాన్ని అడగకుండానే లోపలికి నొక్కేస్తుంది. అసలు ఫోటోను పక్కన పెట్టుకుంటే గానీ అది కనిపించదు. బట్ట ఎవరికి ఎంత సరిపోతుందో కూడా ఈ బొమ్మ చెప్పదు, దానికి టేపు పట్టుకున్న దర్జీయే కావాలి.

ఆరో అంచె: గుర్తు వేయడం, చెరిపేయడం

బొమ్మ మీదనే, బట్ట భాగానికి దగ్గరగా, "దుస్తులు మార్చిన చిత్రం" అని రాయండి. మూలన రాస్తే కత్తిరించేస్తారు, కింద వ్యాఖ్యగా రాస్తే ఫార్వర్డ్ చేసేటప్పుడు రాలిపోతుంది. ఫైలు లోపల పెట్టే గుర్తుల మీద ఆధారపడకండి, వాట్సాప్‌లో ఫోటోగా పంపినప్పుడు అవి పోతాయి. మేము అసలు పంపుకోనే లేదు, ల్యాబ్‌లో ఒకే తెర మీద అందరూ చూశారు. ఆకుపచ్చ చీరకు ఓటు పడింది. ఆర్డరు ఇచ్చిన సాయంత్రం కంప్యూటర్‌లో, ట్రాష్‌లో, యాప్ ఖాతాలో అన్ని కాపీలూ తీసేసి, ఆ అమ్మాయికి చూపించాం.

ఎవరైనా ఇంకోలా వాడితే

ఇది మీకు దూరపు సంగతి కాదు. 2023 నవంబరులో నటి రష్మిక మందన్న ముఖాన్ని ఇంకొక అమ్మాయి వీడియోకు అతికించిన సంగతి గుర్తుందా. 2024 జనవరిలో ఢిల్లీ పోలీసులు అరెస్టు చేసినది మన రాష్ట్రానికే చెందిన గుంటూరు ప్రాంతపు యువకుడిని. అభిమానుల పేజీకి అనుచరులు పెరగాలని చేశాడని పోలీసులు చెప్పారు.

చట్టం మాట సూటిగా చెబుతాను. అశ్లీలమైన బొమ్మను ఎలక్ట్రానిక్‌గా ప్రచురించినా, పంపినా సమాచార సాంకేతిక చట్టం 67వ సెక్షన్ కింద మొదటిసారికే మూడేళ్ల దాకా జైలు, ఐదు లక్షల దాకా జరిమానా. బొమ్మలో ఉన్నవారికి పద్దెనిమిదేళ్లు నిండకపోతే 67బి వర్తిస్తుంది. అందులో మొదటిసారికే ఐదేళ్ల దాకా జైలు, పది లక్షల దాకా జరిమానా. 67బి పంపేవాళ్లకు మాత్రమే కాదు, తయారుచేసేవాళ్లకు, డౌన్‌లోడ్ చేసుకునేవాళ్లకు కూడా. మీ తరగతిలో అమ్మాయి ఫోటో అంటే దాదాపు ఎప్పుడూ 67బి సంగతే. నేను ఎవరికీ పంపలేదు అనే మాట అక్కడ చెల్లదు.

మీ ఫోటోతోనో, మీ స్నేహితురాలి ఫోటోతోనో ఎవరైనా ఇలా చేశారని తెలిస్తే, ఆ బొమ్మను సాక్ష్యం కోసమైనా సరే ఎవరికీ ఫార్వర్డ్ చేయకండి, నాకు కూడా. అది ఉన్న లింకు, ఖాతా పేరు, తేదీ, సమయం కాగితం మీద రాసుకోండి. బెదిరింపు మెసేజీలు ఉంటే వాటిని తీసేయకండి. డబ్బు అడిగితే ఇవ్వకండి, ఒకసారి ఇచ్చినవాళ్లను మళ్లీ అడుగుతారు. తర్వాత ఆ వేదికలోనే ఫిర్యాదు పెట్టండి. మార్ఫింగ్ చేసిన బొమ్మపై బాధితులో, వారి తరఫున ఇంకొకరో ఫిర్యాదు చేస్తే తొలగించడానికి 2021 నాటి ఐటీ నియమాలు గంటల లెక్కన గడువు పెట్టాయి. అందుకే ఫిర్యాదు పెట్టిన సమయం కూడా రాసుకోండి. పోలీసులకు cybercrime.gov.in లో ఫిర్యాదు చేయవచ్చు, అక్కడ మహిళలు, పిల్లలపై నేరాలకు ప్రత్యేక విభాగం ఉంది.

పద్దెనిమిదేళ్ల లోపు వారి బొమ్మలకు takeitdown.ncmec.org, పెద్దవారికి stopncii.org అనే ఉచిత సేవలు ఉన్నాయి. బొమ్మను అక్కడికి పంపనక్కర్లేదు. మీ ఫోన్లోనే దానికి ఒక సంఖ్యా గుర్తు తయారవుతుంది, ఆ గుర్తు మాత్రమే వెళ్తుంది. ఈ ఏర్పాటులో చేరిన వేదికలు ఆ గుర్తుకు సరిపోయే బొమ్మ కనిపిస్తే తొలగించగలవు. చేరని వేదికల మీద ఇది పనిచేయదు, బొమ్మను బాగా మార్చేసినా పట్టుకోలేకపోవచ్చు. కనుక పోలీసు ఫిర్యాదుకు ఇది తోడు మాత్రమే.

ఇంట్లో చెప్పడానికి భయమేస్తే పిల్లల సహాయవాణి 1098కి ఫోన్ చేయండి. లేదా స్టాఫ్ రూములో నా దగ్గరికి రండి. బొమ్మ చూపించమని అడగను, లింకు రాసిన కాగితం చాలు.